ఫ్రిజ్ షోరూంలో రేటు చీటీ ఎలా చదవాలి

శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే చాలు, అనంతపురం సుభాష్ రోడ్డులోనూ కర్నూలు రాజ్‌విహార్ దగ్గరా ఫ్రిజ్ షోరూంల ముందు ఉగాది ఆఫర్ల బ్యానర్లు లేస్తాయి. పద్దెనిమిది వేల ఫ్రిజ్ కోసమని లోపలికి పోయినవాళ్లు చాలామంది ఇరవై ఏడున్నర వేల ఫ్రిజ్‌కు బిల్లు కట్టి బయటికొస్తారు. మధ్యలో వాళ్లకు ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. చీటీల మీదున్న ప్రతి అంకే నిజమైనదే. ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టారన్న దాంట్లోనే కిటుకంతా ఉంది.

ఒక అరలో పెట్టిన మూడు ఫ్రిజ్‌లను తీసుకుని ఆ కిటుకును ఎలా విప్పాలో ఇక్కడ చూద్దాం. రేట్లు లెక్క కోసం వేసుకున్నవి. మీరు కొనే రోజు షోరూంలో కనిపించే అంకెలను వాటి స్థానంలో పెట్టుకోండి. కావాల్సిన సామాను ఒక కాగితం, పెన్ను, కొలతల టేపు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్.

ఇంట్లో ఉండగానే రాసుకోవాల్సింది

కాగితం మీద మూడు వరుసలు రాయండి. మొదటిది ఎన్ని లీటర్లు కావాలో. నలుగురున్న ఇంట్లో వారానికి రెండుసార్లు కూరగాయలు తెచ్చుకునేవాళ్లకు 180 నుంచి 200 లీటర్లు సరిపోతుంది. ఆరుగురుండి, దోసెల పిండి, పాలు, వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి పెట్టాలంటే 240 దాటాలి. ఫ్రిజ్‌లో పెట్టే గిన్నెల్లో పొడవైనది ఏదో దాని ఎత్తు టేపుతో కొలిచి పక్కనే రాయండి. ఫ్రిజ్ పెట్టే చోటు వెడల్పు కూడా కొలవండి, పక్కలా వెనకా గాలి ఆడేందుకు సందు వదలడం మరవకుండా.

రెండో వరుసలో, లేకపోతే కుదరదు అనుకునేవి రాయండి. ఐస్ గడ్డకట్టకూడదా? మాంసం నిల్వ పెట్టే పెద్ద ఫ్రీజర్ కావాలా? ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయండి. ఖాళీగా మాత్రం వదలొద్దు. మీరు వదిలిన ఖాళీని షోరూంలో వేరేవాళ్లు నింపుతారు.

మూడో వరుసలో మీ హద్దు, అంటే దాటకూడదనుకునే మొత్తం. దీన్ని ఆఫర్ల పేపరు చూసి రాయకండి. చేతిలో ఎంతుంది, ఎన్నేళ్లు వాడాలనుకుంటున్నారు అన్న రెండింటిని బట్టే రాయండి. మన ఉదాహరణలో నలుగురి కుటుంబం, హద్దు 20,000.

ఇంత చిన్న పనికి కాగితమెందుకు, మనసులో పెట్టుకుంటే చాలదా అంటే, చాలదు. 1974లో ట్వెర్స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. మనుషుల ముందు ఒక చక్రం తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగుతుంది. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని అని అడిగారు. చక్రం 10 చూపినవాళ్ల మధ్యస్థ అంచనా 25, చక్రం 65 చూపినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదని వాళ్లకు తెలుసు. అయినా కళ్లబడ్డ అంకె అంచనాను తనవైపు లాక్కుంది. ఇలా లంగరు వేసే అంకె గురించి ముందే హెచ్చరించినా దాని పట్టు పూర్తిగా పోదని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. ‘నాకు తెలుసులే’ అనుకుని ఖాళీ చేతులతో పోయినవాళ్లకు అందుకే రక్షణ లేదు. షోరూం అంకెలు చూడకముందు రాసిన అంకె మీ జేబులో ఉండాలి.

అరలో ఉన్న మూడు

మొదటిది సింగిల్ డోర్, 185 లీటర్లు, 17,990 రూపాయలు.

రెండోది డబుల్ డోర్, 230 లీటర్లు, 2 స్టార్, మామూలు కంప్రెసర్, 26,990.

మూడోది డబుల్ డోర్, 243 లీటర్లు, 3 స్టార్, ఇన్వర్టర్ కంప్రెసర్, గాజు అరలు, 27,490. దాని చీటీ మీద 36,990 అని రాసి అడ్డంగా గీత కొట్టి ఉంది. కింద ఎర్ర అక్షరాల్లో ‘9,500 ఆదా’.

మొదట రేట్లను పూర్తి అంకెలకు మార్చండి

ఇది అరనిమిషం పని. ప్రతి రేటునూ పైనున్న ఐదు వందలకు సరిచేసి కాగితం మీద రాయండి. 18,000, 27,000, 27,500. ఇకమీదట చీటీ వైపు చూడకుండా ఈ అంకెలనే చదవండి.

మనం అంకెను ఎడమ నుంచి చదువుతాం. మొదటి అంకె దగ్గరే మనసులో ఒక కొలత పడిపోతుంది. అందుకే చివర్లో తగ్గించిన పది రూపాయలు అన్నిచోట్లా ఒకేలా పనిచేయవు. ఎడమ అంకె మారినచోటే వాటికి బలం. 19,990 అంటే ‘పంతొమ్మిది వేల చిల్లర’ అనిపిస్తుంది, 20,000 అంటే ‘ఇరవై వేలు’. అదే 27,490 చూసినా 27,500 చూసినా పెద్ద తేడా అనిపించదు. మనోజ్ థామస్, విక్కీ మోర్విట్జ్ 2005లో అచ్చువేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే. కాబట్టి మీ హద్దు 20,000 అయితే మీకు ప్రమాదకరమైన చీటీలు 19,990, 20,490. నిజానికి వాటి మధ్య తేడా ఐదు వందలే అయినా ఒకటి హద్దుకు చాలా లోపల ఉన్నట్టు, ఇంకోటి బాగా దాటినట్టు కనిపిస్తుంది. 20,490కీ 20,990కీ మధ్య ఉన్నదీ అదే ఐదు వందలు, కానీ అది కంటికి ఆనదు.

తొమ్మిదితో ముగిసే రేటుకు ఇంకో పని కూడా ఉంది. అమెరికాలో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ ఒక బట్టల కేటలాగ్‌లో అదే దుస్తులను వేర్వేరు ప్రతుల్లో 34, 39, 44 డాలర్లకు పెట్టి చూశారు. చవగ్గా ఉన్న 34 కంటే 39కే ఎక్కువ అమ్ముడుపోయాయి. అంటే తొమ్మిది అంకె ‘ఇది తగ్గించిన రేటు’ అనే బోర్డులా కూడా పనిచేస్తోందన్నమాట. పూర్తి అంకెకు మార్చుకుంటే ఆ బోర్డు ఊడిపోతుంది.

తర్వాత ఎరను పక్కన పెట్టండి

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

మీరు సింగిల్ డోర్ దగ్గర నిలబడి ఉంటారు. అమ్మే అబ్బాయి ‘అన్నా, ఒక్కసారి డబుల్ డోర్ కూడా చూడండి’ అని రెండో దాని దగ్గరికి తీసుకుపోతాడు. 26,990 అని చూసి మీరు వెనక్కి తగ్గుతారు. అప్పుడు తనే అంటాడు: ‘దీన్ని నేను కూడా తీసుకోమని చెప్పనన్నా. పక్కనున్నది చూడండి. ఐదు వందలే తేడా. లీటర్లు ఎక్కువ, స్టార్ ఎక్కువ, ఇన్వర్టర్ కంప్రెసర్. ఐదు వందలకు చూసుకుంటారా?’

అతను చెప్పినదాంట్లో తప్పులేదు. రెండోదాని కంటే మూడోది అన్ని విధాలా మేలే. కానీ ఆ మాట వినేసరికి మీరు తూకం వేసే రెండు తక్కెళ్లూ మారిపోయాయి. ఇంటి నుంచి వచ్చినప్పుడు మీ ప్రశ్న ‘సింగిల్ డోరా, డబుల్ డోరా’. ఇప్పుడది ‘ఏ డబుల్ డోర్’ అయింది. సింగిల్ డోర్‌ను డబుల్ డోర్‌తో పోల్చడం కష్టం. రేటు వేరు, సైజు వేరు, పనితీరు వేరు. రెండు డబుల్ డోర్‌లను పోల్చడం చాలా సులువు. మనసు సులువైన లెక్క వైపే పోతుంది, ఆ లెక్కలో గెలిచినదాన్ని మొత్తం అరలోనే గెలిచినట్టు తీసుకుంటుంది.

1982లో జోయెల్ హ్యూబర్, జాన్ పేన్, క్రిస్టఫర్ పూటో అనే పరిశోధకులు దీన్ని ప్రయోగాలతో చూపించారు. రెండు సరుకులున్న చోట, వాటిలో ఒకదాని కంటే మాత్రమే స్పష్టంగా తక్కువైన మూడోదాన్ని చేరిస్తే, ఆ మూడోదాన్ని దాదాపు ఎవరూ తీసుకోరు. కానీ దాన్ని ఓడించిన సరుకును ఎంచుకునేవాళ్లు పెరుగుతారు. మన అరలో 26,990 ఫ్రిజ్ పని అదే. అందుకే దాన్ని ఎర అంటున్నాం: తను అమ్ముడుపోకపోయినా పక్కదాన్ని అమ్మిపెడుతుంది.

ఎరను గుర్తుపట్టడానికి మూడు గుర్తులున్నాయి. ఇంచుమించు అదే రేటులో పక్కనున్నది అన్నింట్లోనూ దాన్ని ఓడిస్తుంది. చవకైనదానితో పోలిస్తే మాత్రం అది కొన్నింట్లో మెరుగ్గా, కొన్నింట్లో తక్కువగా ఉండి తేలదు. మూడో గుర్తు, అమ్మేవాళ్లే దాన్ని తీసుకోవద్దంటారు. షోరూంవాళ్లు కావాలనే అలా పేర్చారా, పోయిన ఏడాది మిగిలిన సరుకా అన్నది మీకు అనవసరం. ఎలా వచ్చి చేరినా దాని ప్రభావం ఒకటే, మీరు చేయాల్సిందీ ఒకటే.

చేయాల్సింది ఇది. కాగితం మీద రెండో ఫ్రిజ్ వరుసను అడ్డంగా కొట్టేయండి. ‘తమ్ముడూ, దాన్ని వదిలెయ్. ఈ సింగిల్ డోర్‌కూ ఆ పెద్దదానికీ తొమ్మిదిన్నర వేలు తేడా ఉంది గదా, ఆ తొమ్మిదిన్నర వేలకు ఏమేమొస్తాయో చెప్పు’ అని అడగండి. ఇప్పుడు అసలు ప్రశ్న మళ్లీ మీ చేతికి వచ్చింది.

దాన్ని ఇలా లెక్క కట్టండి. మొదటి ఫ్రిజ్‌లో లీటరుకు 17,990 భాగించు 185, అంటే 97 రూపాయలు. మూడోదాంట్లో 27,490 భాగించు 243, అంటే 113 రూపాయలు. ఇక్కడే ఆగిపోతే ‘లీటరుకు పదహారు రూపాయలేగా ఎక్కువ’ అనిపిస్తుంది. ఆగకండి. అదనంగా వచ్చే లీటర్లు 58, అదనంగా పెట్టే డబ్బు 9,500. ఆ ఒక్కో అదనపు లీటరుకు మీరు పెడుతున్నది 164 రూపాయలు. మొదటి 185 లీటర్లు 97 చొప్పున దొరుకుతుంటే, తర్వాతి 58 లీటర్లను 164 చొప్పున కొంటున్నారు. కాగితం మొదటి వరుసలో 200 లోపు చాలని రాసుకున్నవాళ్లకు ఆ 58 లీటర్లు ఎందుకో చెప్పుకోగలగాలి.

లీటర్లు పోగా మిగిలింది ఐస్ గడ్డకట్టకపోవడం. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ చుట్టూ మంచు పేరుకుంటుంది, అప్పుడప్పుడు డీఫ్రాస్ట్ బటన్ నొక్కి కరిగించాలి. ఫ్రాస్ట్ ఫ్రీ రకం డబుల్ డోర్‌లో ఆ బాధ లేదు. అయితే లోపల ఫ్యాను తిరగాలి, మంచు కరిగించే హీటరు పనిచేయాలి, వాటికి కరెంటు కావాలి. ఇక్కడ స్టార్లు చూసి పోల్చకండి. సింగిల్ డోర్ రకానికి స్టార్ లెక్క వేరు, ఫ్రాస్ట్ ఫ్రీ రకానికి వేరు. ఎక్కువ స్టార్లున్న ఫ్రాస్ట్ ఫ్రీ, తక్కువ స్టార్ల సింగిల్ డోర్ కంటే ఎక్కువ కరెంటు తాగొచ్చు. స్టార్ లేబుల్ మీదే ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకెను రాసుకోండి. మన ఉదాహరణలో మొదటిదానికి 165, మూడోదానికి 215 అనుకుందాం. తేడా 50 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 300, పదేళ్లకు 3,000. మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటు ఎంతుంటే అదే వేయాలి, ఎందుకంటే కొత్తగా పెరిగే యూనిట్లు పడేది ఆ శ్లాబులోనే.

అంటే రెండింటి మధ్య అసలు తేడా 12,500. ఐదు వందలతో మొదలైన మాట ఇక్కడికి చేరింది. ఆరుగురున్న ఇంటికి, వారానికి రెండు కిలోల మాంసం నిల్వ పెట్టే ఇంటికి ఆ 12,500 న్యాయమైన ఖర్చే కావచ్చు. అలాంటివాళ్లు పెద్దదే తీసుకోవాలి. చవకైనదే కొనమని ఈ లెక్క చెప్పదు, దేనికి ఎంత పెడుతున్నారో మాత్రం చెబుతుంది.

ఎరకు ఒక బలహీనత ఉంది. అంకెలు మాత్రమే కనిపించినప్పుడు అది బాగా పనిచేస్తుంది. సరుకు బొమ్మలు చూసి, రుచి చూసి ఎంచుకునే చోట అది చాలా తగ్గిపోతుందని షేన్ ఫ్రెడరిక్, ఆయన సహచరులు 2014లో చూపించారు. కాబట్టి ఫోన్‌లో మూడు మోడళ్లను పక్కపక్కన పెట్టి చూపించే పట్టిక దగ్గర మరింత జాగ్రత్త కావాలి. షోరూంలో అయితే తలుపు తెరవండి. టేపు తీసి మీ పొడవైన గిన్నె ఎత్తుతో అరలను కొలవండి. కూరగాయల డబ్బాను బయటికి లాగండి. ఐదు నిమిషాలు ఇలా చేతులతో చూశాక, మూడింటిలో ఏది మీ ఇంటిదో చీటీల కంటే బాగా తెలుస్తుంది.

గీత కొట్టిన రేటును ఏం చేయాలి

మూడో ఫ్రిజ్ చీటీ మీద ‘9,500 ఆదా’ అని ఉంది. సింగిల్ డోర్ కంటే మీరు అదనంగా పెట్టేది కూడా సరిగ్గా 9,500. ఉదాహరణలో ఈ రెండూ ఒకటయ్యేలా కావాలనే పెట్టాం. ఒకే మొత్తాన్ని ఒక వైపు నుంచి చూస్తే మిగిలినట్టు, ఇంకో వైపు నుంచి చూస్తే పోయినట్టు కనిపిస్తుంది. మీ జేబుకు సంబంధించినంతవరకు రెండోదే నిజం. 36,990 మీరు ఏనాడూ పెట్టాలనుకున్న డబ్బు కాదు, దాంట్లోంచి మిగలడమేమిటి?

గీత కొట్టిన ఆ అంకె ఎంఆర్‌పీ. అన్ని పన్నులూ కలుపుకొని వినియోగదారుడికి అమ్మదగిన గరిష్ఠ ధర అన్నమాట. తయారీదారు ముద్రించే పైకప్పు అది. దాన్ని మించి అమ్మకూడదు. మించి తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అంతకు తగ్గించి ఎంతకైనా అమ్ముకోవచ్చు. ఆ మోడల్ బజారులో ఎంతకు నడుస్తోందో ఎంఆర్‌పీ చెప్పదు. పైకప్పు ఎంత ఎత్తుగా ఉంటే తగ్గింపు అంత పెద్దగా కనిపిస్తుంది, అంతే.

ఈ లంగరు సరుకు తెలిసినవాళ్లను కూడా వదలదు. 1987లో గ్రెగరీ నార్త్‌క్రాఫ్ట్, మార్గరెట్ నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని టూసాన్ ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లకు ఒక ఇల్లు చూపించి విలువ కట్టమన్నారు. అదే ఇంటికి కొందరికి ఎక్కువ అడుగు ధర, కొందరికి తక్కువ అడుగు ధర చెప్పారు. ఏజెంట్ల అంచనాలూ వాటి వెంటే పోయాయి. ఆ ధరను మేం లెక్కలోకి తీసుకున్నామని ఒప్పుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే.

లంగరు తీయడానికి దాని చోట ఇంకో అంకె పెట్టాలి. ఆ ఫ్రిజ్ మోడల్ నంబరు పూర్తిగా రాసుకోండి. ఊళ్లో ఇంకో రెండు షాపుల్లో, ఒక ఆన్‌లైన్ సైటులో అదే నంబరుకు ఈరోజు రేటెంతో కనుక్కోండి. పాత ఫ్రిజ్ ఇవ్వకుండా, ఏ బ్యాంకు కార్డూ లేకుండా, ఇంటికి చేర్చేంతవరకు మొత్తం ఎంత అని ఒకేలా అడగాలి. లేకపోతే ఒకచోట కార్డు తగ్గింపు కలిపిన రేటు, ఇంకోచోట కలపనిది వచ్చి పోలిక చెడుతుంది. 27,800, 28,000, 27,300 వచ్చాయనుకుందాం. ఇప్పుడు 27,490ని 36,990తో కాకుండా 27,300తో పోల్చండి. 9,500 ఆదా అన్న ఫ్రిజ్ నిజానికి 190 రూపాయలు ఎక్కువ.

ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. రెండు షాపుల్లో మోడల్ నంబరు చివరి ఒకటి రెండు అక్షరాలు వేరుగా ఉండొచ్చు. ‘అది వేరే మోడలన్నా’ అని అక్కడితో మాట తుంచేస్తారు. కొన్నిసార్లు ఆ తేడా రంగుదే. లీటర్లు, ఏడాదికి యూనిట్లు, కంప్రెసర్ రకం, వారంటీ ఏళ్లు ఈ నాలుగూ పోల్చండి. నాలుగూ ఒకటే అయితే మీ లెక్కకు అది అదే ఫ్రిజ్.

మూడు రేట్లు తెచ్చుకునే తీరిక లేకపోతే ఇంకో మార్గముంది. ఈ రేటు ఎందుకు ఎక్కువ అని చెప్పగల కారణాలు రెండు కాగితం మీద రాయండి. ప్రదర్శనకు పెట్టిన పీసు, పాత ఏడాది లేబుల్, పక్కన చిన్న సొట్ట, కొత్త మోడల్ వచ్చేసింది, ఇలాంటివి. జర్మనీలో ముస్‌వైలర్, స్ట్రాక్, ఫైఫర్ 2000లో పాత కారు విలువ కట్టించిన ప్రయోగంలో, చెప్పిన ధరకు వ్యతిరేకంగా కారణాలు ఆలోచించినప్పుడు లంగరు పట్టు సడలింది. పూర్తిగా పోలేదు. బజారులో కనుక్కున్న రేటంత బలం దీనికి లేదు, ఏమీ లేనిదానికంటే మాత్రం నయం.

వాయిదా, ఎక్స్ఛేంజ్

ఇంతా చేశాక బిల్లు కౌంటరు దగ్గర అంకెలు మళ్లీ మారతాయి. ‘నెలకు 2,291 అన్నా, పన్నెండు నెలలు, వడ్డీ లేదు.’ సింగిల్ డోర్‌కు నెలకు 1,499. తేడా 792 రూపాయలే. మీరు లెక్క తేల్చిన తొమ్మిదిన్నర వేలు పన్నెండు ముక్కలై వెనక్కి వచ్చాయన్నమాట. చెప్పిన ఏ నెలసరి అంకెనైనా నెలలతో గుణించి, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ కలపండి. మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడగండి. వెయ్యి తగ్గిస్తామంటే, వడ్డీ లేదన్న వాయిదాకు మీరు కట్టే వడ్డీ ఆ వెయ్యే.

పాత ఫ్రిజ్ ఇస్తే ముందు కొత్తదాని రేటు తేల్చుకోండి, పాతదాని మాట తర్వాతే ఎత్తండి. రెండూ కలిపి మాట్లాడితే పాతదానికి మూడు వేలు ఇస్తున్నట్టు చూపించి కొత్తదాని మీద తగ్గించాల్సిన రెండు వేలు తగ్గించకుండా ఉండొచ్చు. మీకు గుర్తుండేది ఆ మూడు వేలే.

చీటీయే లేనిచోట: పట్టుచీరల బేరం

ఫ్రిజ్‌కు లీటర్లున్నాయి, యూనిట్లున్నాయి, మోడల్ నంబరుంది. ధర్మవరంలో పట్టుచీర కొనేటప్పుడు వీటిలో ఏదీ ఉండదు. అందుకే లంగరు అక్కడ ఇంకా గట్టిగా పడుతుంది. పరుపు మీద కూర్చోగానే మొదట పరిచేది నలభై వేల చీర. మీరు వద్దంటారని వాళ్లకు తెలుసు. తర్వాత పరిచే పద్దెనిమిది వేల చీర చవగ్గా కనిపించేందుకే అది.

కూర్చోగానే మీరే వరుస మార్చండి. ‘అన్నా, ముందు ఎనిమిది వేల లోపువి చూపించు, ఆ తర్వాత పైకి పోదాం’ అనండి. కింది నుంచి పైకి పోతే ఒక్కో మెట్టు దగ్గరా ఎంత పెరిగింది, దేనికి పెరిగిందని అడిగే వీలుంటుంది. జరీ ఎక్కువైందా, అంచు పెద్దదైందా, కొంగు పని పెరిగిందా? సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే పట్టు అసలైనదని నమ్మొచ్చు. జరీ సంగతి ఆ లేబుల్ చెప్పదు, దాన్ని విడిగా అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

‘చెప్పినదాంట్లో సగానికి అడుగు’ అని మనవైపు పెద్దలు చెప్పే సలహా వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ అది కూడా వాళ్ల లంగరుకు కట్టేసిన తాడే. అదే చీరకు వాళ్లు 16,000 చెబితే మీరు 8,000 అడుగుతారు, 24,000 చెబితే 12,000 అడుగుతారు. చీర మారలేదు, మీ మాట మాత్రం నాలుగు వేలు పెరిగింది. ఇది తెలిసిన దుకాణదారు సగానికి అడుగుతారనే ముందే పెంచి చెబుతాడు. అదే వీధిలో మూడు నాలుగు షాపుల్లో అలాంటి అంచు, అలాంటి జరీ ఉన్న చీర ఎంతో కనుక్కుని, ఆ అంకె నుంచే మీ బేరం మొదలుపెట్టండి. వాళ్లు చెప్పింది విన్నాక కూడా ముందు అనుకున్న అంకెనే పలకండి.

చెప్పే రేటు ఎలా ఉందో కూడా వినండి. ‘ఇరవై వేలు’ అని గుండుగా చెబితే దాంట్లో తగ్గించే చోటుందని మనకు తోస్తుంది, బేరం ఆడతాం. ‘పద్దెనిమిది వేల ఏడు వందల యాభై’ అంటే లెక్క కట్టి చెప్పినట్టుంటుంది, ఒకటి రెండు వందలు తగ్గించమని అడిగి ఊరుకుంటాం. చిల్లరతో చెప్పిన అంకె నుంచి మనుషులు తక్కువ దూరం జరుగుతారని ప్రయోగాల్లోనూ తేలింది. చిల్లర ఉన్నంత మాత్రాన లెక్క ఉన్నట్టు కాదు. ‘ఆ ఏడు వందల యాభై ఎక్కడిది?’ అని నవ్వుతూ అడిగి చూడండి. నేతకింత, జరీకింత, పట్టుకింత అని చెప్పగలిగితే వినండి. చెప్పలేకపోతే దాన్ని గుండు అంకెలాగే బేరమాడండి.